పడవ పోయింది, గీత మిగిలింది

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు దగ్గర్లో ఒక చిన్న కాఫీ హోటలుంది. దాని గోడకు ఆరడుగుల వెడల్పున గోదావరి ఫోటో వేలాడుతుంటుంది. పొద్దు వాలిన వేళ ఘాట్ మెట్ల మీద నిలబడి పడమటి వైపు తీసింది. దూరంగా ఆర్చి వంతెన, నీళ్లలో మసగ్గా దాని నీడ, కుడి పక్కన నీళ్ల మీద ఎండ పరిచిన వెలుగు బాట. అసలు ఫోటోలో మధ్యన ఒక పడవ ఉండేది. వంతెనకు అడ్డొచ్చిందని హోటలాయన తీసెయ్యమన్నాడు. తీసేశాను. డబ్బులిచ్చాడు. ఇద్దరం సంతోషంగానే ఉన్నాం.

నెల తర్వాత అదే హోటల్లో కాఫీ తాగుతుంటే పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన ఆ ఫోటోనే తేరిపార చూస్తున్నాడు. పడవ నడిపే మనిషని చేతులు చూస్తేనే తెలుస్తోంది.

"బాబూ, ఇందులో పడవేదండీ?" అన్నాడు నాకేసి తిరిగి.

"పడవ లేదండి. ఉత్త గోదావరేనండి."

"లేకపోడవేంటండీ! నీళ్లు చీలిపోయి కనబడతంటేనూ. ఎడం పక్కకెళ్తందండి. ఇదిగో, ఈపాటికి ఇక్కడుండాలి" అంటూ లేచి వెళ్లి ఫోటో మీద వేలు పెట్టాడు. నేను పడవను చెరిపింది సరిగ్గా అక్కడే.

కాఫీ సగంలో వదిలేసి ఇంటికొచ్చి ఫైలు తెరిచాను. పడవను తీశాను, దాని కింది ప్రతిబింబాన్ని తీశాను. పడవ నీళ్లకు చేసిన పనిని మాత్రం అలాగే వదిలేశాను. ఆ రెండో ప్రయత్నంలో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. గోడ మీది మచ్చనో, రోడ్డు మీది కరెంటు తీగనో తీసెయ్యడం ఒక పని. నీళ్ల మీంచి పడవను తీసెయ్యడం పూర్తిగా వేరే పని. ఎందుకంటే పడవ తన ఒంటి వెడల్పు మేరకే ఉండదు, నీళ్ల మీద చాలా దూరం పరుచుకుని ఉంటుంది.

మొదట పడవకు చెందినవన్నీ ఏమిటో లెక్క తేలాలి. చెక్క, మనిషి, తెడ్డు అందరికీ కనిపిస్తాయి. ఆ తర్వాతిది నీడ. ఇక్కడ మన భాషే మనల్ని కాస్త మోసం చేస్తుంది. ఎండకు పడేదాన్నీ నీడే అంటాం, నీళ్లలో కనిపించే బొమ్మనూ నీడే అంటాం. ఫోటో దిద్దేవాడికి మాత్రం ఇవి రెండూ వేర్వేరు వస్తువులు. నీళ్లలోని బొమ్మ ఎప్పుడూ పడవకు నిట్టనిలువుగా కిందే ఉంటుంది. ఎండ నీడ సూర్యుడికి ఎదురు దిక్కున పడుతుంది. తేరిన నీళ్ల పైన ఎండ నీడ దాదాపు కనిపించదు, వెలుగు లోపలికి దిగిపోతుంది గనుక. వరద రోజుల్లో గోదావరి ఎర్రబారినప్పుడు ఆ నీడ చక్కగా తెలుస్తుంది. నీళ్లలోని మట్టి రేణువులు తెరలా పనిచేసి దాన్ని పట్టుకుంటాయి. నా ఫోటో ఆగస్టులో తీసింది. పడవ ముందు, కెమెరా వైపు, చెక్క రంగుతో సంబంధం లేని ముదురు గోధుమ పట్టీ ఒకటుంది. మొదటిసారి అది నా కంటికే ఆనలేదు.

నీళ్లలోని బొమ్మ కూడా పడవ ఎత్తు దగ్గరే ఆగిపోదు. అల ఒక డిగ్రీ వాలితే అందులో కనిపించే బొమ్మ రెండు డిగ్రీలు జరుగుతుంది. అందుకే కదిలే నీళ్లలో ప్రతిబింబం కిందికి సాగి, చివర్న ముక్కలు ముక్కలుగా తెగి, ఒక్కో అల మీద ఒక్కో నల్లటి పెంకులా చెదురుతుంది. మా పడవ అంచుకు నీలం రంగు వేసి ఉంది. పడవను చెరిపిన చోటికి రెండు వందల చుక్కల కింద కూడా అలల మీద ఆ నీలం పెంకులు మిగిలిపోయాయి. చుక్కలంటే పిక్సెళ్లు. ఫోటో మొత్తం 6000 చుక్కల వెడల్పు, 4000 చుక్కల ఎత్తు.

ఇక ఆ పెద్దాయన పట్టుకున్న గీత సంగతి. పడవ వెనక నీళ్లు రెండు రెక్కలుగా విడిపోతాయి. లోతైన నీళ్లలో ఒక్కో రెక్క పడవ దారికి దాదాపు 19.5 డిగ్రీల కోణంలో ఉంటుందనీ, పడవ నెమ్మదిగా పోయినా కాస్త వేగంగా పోయినా ఆ కోణం మారదనీ 1887లో లార్డ్ కెల్విన్ లెక్కగట్టాడు. బాగా వేగంగా దూసుకుపోయే బోట్లకు ఇంకా సన్నగా కనిపిస్తుంది, కానీ తెడ్డు పడవకు ఈ లెక్కే సరిపోతుంది. పైనుంచి చూస్తే రెండు రెక్కలూ సమానం. ఘాట్ మెట్ల మీంచి చూస్తే కావు. అవతలి రెక్క నలిగి పడవ గీతతో దాదాపు కలిసిపోతుంది. ఇవతలి రెక్క మనవైపు విచ్చుకుంటూ వచ్చి ఫోటో కింది సగంలోకి దిగుతుంది. నేను పడవ చుట్టూ ఒక గుండ్రం గీసుకుని ఆ లోపలే పనిచేశాను. రెక్క ఆ గుండ్రం దాటి రెండు వేల చుక్కల దూరం పోయింది.

పడవ లంగరు వేసి కదలకుండా ఉన్నా ఈ బెడద తప్పదు. ప్రవాహంలో నిలబడిన పడవకు నీళ్లే వచ్చి తగులుతాయి గనుక కిందివైపు అదే గీత పడుతుంది. నీళ్ల మీద అలలన్నిట్లోకీ నెమ్మదైనది కూడా సెకనుకు 23 సెంటీమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. ప్రవాహం అంతకంటే మందంగా ఉంటేనే పడవ చుట్టూ నిలిచిపోయే అలలు పుట్టవు. ఇంకొకటి, పడవ గాలికి అడ్డు. గాలి వీచే దిక్కుకు అవతల, పడవ చాటున, నీళ్లు నున్నగా అద్దంలా ఉంటాయి. పడవ పోయి ఆ నున్నటి చాప మిగిలితే చూసేవాడికి ఎందుకో తెలియకుండానే అనుమానం తగులుతుంది.

ఇవన్నీ మామూలుగా చూస్తే దొరకవు. ఫోటో పైన ఒక కర్వ్స్ లేయర్ పెట్టి కాంట్రాస్టు విపరీతంగా పెంచుతాను, రంగుల గాఢత కూడా పెంచుతాను. బొమ్మ వికారంగా తయారవుతుంది, కానీ నీలం పెంకులు, గోధుమ పట్టీ, రెక్క మొత్తం బయటపడతాయి. వాటి చుట్టూ ఒక సన్నగీత గీసుకుని ఆ లేయర్ కన్ను మూసేస్తాను. అది పని అయ్యేదాకా కావాలి, చెరపను.

ఇప్పుడు అసలు ప్రశ్న. పడవ లేకపోతే అక్కడ ఏముండేది?

దీనికి ముందు దిగంతం ఎక్కడుందో తేల్చుకోవాలి, అంటే నీళ్లూ ఆకాశమూ కలిసే అడ్డగీత. అవతలి గట్టు దాన్ని కప్పేసినా, దూరపు నీటి అంచుకు కొద్దిగా పైన అది ఉంటుంది. అది వంకరగా ఉంటే ముందు ఫోటోను సరిచెయ్యాలి. తర్వాతి లెక్కలన్నీ దాని మీదే నిలబడతాయి. నా ఫోటోలో అది పైనుంచి 1500వ వరుసలో ఉంది. మెట్ల మీద కెమెరా నీటికి దాదాపు మూడు మీటర్ల ఎత్తున ఉంది. ఇందులో ఒక మంచి కిటుకుంది. కెమెరా కంటే తక్కువ ఎత్తున్న ఏ వస్తువైనా ఫోటోలో పూర్తిగా దిగంతం కిందే ఉంటుంది. కూర్చుని తెడ్డు వేసే మనిషి తల నీటికి మీటరున్నర ఎత్తున ఉంటుంది, అంతే. కాబట్టి మా పడవ కప్పింది నీళ్లనే, వంతెనను కాదు, అవతలి గట్టును కాదు. అదే కెమెరాను నీళ్ల దగ్గరకు దించి తీసి ఉంటే మనిషి తల వంతెన స్తంభాల మీదికి ఎక్కేది. అప్పుడు వంతెనను కూడా మళ్లీ కట్టాల్సి వచ్చేది. పడవ ఫోటోలు దిద్దాల్సి వచ్చినప్పుడు నేను ముందు చూసేది ఇదే, తల గీతకు పైనా కిందా అని.

వంతెనను కప్పకపోయినా వంతెన ప్రతిబింబాన్ని కప్పింది. ఎంత మేరకు? దీనికి కొలత తేలికే. వంతెన స్తంభం నీళ్లను తాకే చోటు నుంచి ఆర్చి కొస వరకు పైకి ఎన్ని చుక్కలో, అక్కడి నుంచి కిందికీ అన్నే చుక్కలు. నా ఫోటోలో 290. ఆ లెక్కన గీస్తే మనిషి తల, భుజాలు సరిగ్గా ఆర్చి ప్రతిబింబంలో పడ్డాయి. పడవ అంచు దగ్గర ఆ ప్రతిబింబం అయిపోయి ఆకాశం రంగు మొదలవుతోంది. అంటే పడవ ఖాళీ చేసిన చోటు పై భాగంలో వంతెన నీడ రావాలి, కింది భాగంలో ఆకాశం రావాలి. మొదటిసారి నేను అంతా ఆకాశంతో నింపాను. ఆర్చి నీడ మధ్యలో ఒక పన్ను ఊడినట్టు ఉండిపోయింది. ఆ పెద్దాయన అది కూడా చూసే ఉంటాడు, మర్యాదకు అనలేదేమో.

చాలామంది వంతెనను కోసి తలకిందులు చేసి అతికిస్తారు. దూరపు వంతెనకు అది కొంత వరకు నెగ్గుకొస్తుంది, దగ్గరి వస్తువుకు అసలు నెగ్గదు. నీళ్లలో కనిపించేది మన కంటి చూపు కాదు. నీటికి మూడు మీటర్ల కింద ఇంకో కెమెరా ఉండి పైకి చూస్తే కనిపించే దృశ్యం అది. పడవనే చూడండి. గట్టు మీంచి చూస్తే లోపలి చెక్క పలకలు కనిపిస్తాయి, నీళ్లలో బయటి పక్కే కనిపిస్తుంది. అందుకే తలకిందులు చేసిన బొమ్మను వెలుగునీడల కొలతకు మాత్రం పక్కన పెట్టుకుంటాను, అతికించను.

ఇక అలలు. ఈ పనిలో ఒక్క సూత్రం చాలనుకుంటే అది ఇదే. నీళ్లను పక్కనుంచి తెచ్చుకోవాలి, పైనుంచీ కిందనుంచీ కాదు.

కారణం చూపు లెక్కలో ఉంది. మా పడవ నీళ్లను తాకే గీత దిగంతానికి 440 చుక్కల కింద ఉంది. 880 చుక్కల కింద ఉన్న నీళ్లు మనకు సరిగ్గా సగం దూరంలో ఉన్నాయి. కాబట్టి అక్కడి అల రెట్టింపు వెడల్పుగా కనిపిస్తుంది, ఇంతవరకు అందరూ ఊహిస్తారు. ఊహించనిది ఏమిటంటే, ఒక అలకూ వెనకాల అలకూ మధ్య పైకీ కిందికీ ఉండే ఎడం నాలుగు రెట్లవుతుంది. అంటే ముందరి నీళ్ల ముక్కను తెచ్చి పడవ చోట పెడితే అల పెద్దదవడమే కాదు, దాని ఆకారమే మారిపోతుంది. గంభీరంగా పారే గోదావరి మధ్యలో ఒక బకెట్టెడు నీళ్లు పోసినట్టుంటుంది. సగానికి తగ్గించి పెట్టినా సరిపోదు, ఎత్తును పావుకు తగ్గించాలి.

ఫోటోషాప్‌లో 2010లో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్ తరచూ నీళ్ల దగ్గర బోల్తా పడేది ఇందుకే. ఫోటోలో ఎక్కడ పోలిక దొరికితే అక్కడి ముక్కలు తెచ్చి నింపుతుంది. దానికి దిగంతం తెలియదు. గడ్డినీ ఇసుకనూ బాగానే నింపేస్తుంది. నీళ్ల దగ్గరికొచ్చేసరికి పైనుంచి కొంత, కిందనుంచి కొంత తెచ్చి, ఒకే అలను మూడుచోట్ల వేసి చేతులు దులిపేసుకుంటుంది. వాడాలనుకుంటే అది ముక్కలు తెచ్చుకునే మేరను అదే ఎత్తులోని అడ్డ పట్టీకి కుదించి, ముక్కలను తిప్పడం, పెంచడం, అద్దంలా మార్చడం మూడూ ఆపెయ్యాలి. అద్దంలా మార్చడం ఎందుకు వద్దంటే, సూర్యుడు కుడి పక్కన ఉన్నప్పుడు అల కుడి పక్కే మెరుస్తుంది. తిప్పిన అల ఎడమ పక్క మెరుస్తూ పట్టుబడిపోతుంది.

నేను చేత్తోనే చేస్తాను, క్లోన్ స్టాంపుతో. Clone Source అనే చిన్న కిటికీ తెరిచి అందులో Y దగ్గర 0 పెడతాను. X దగ్గర, ఈ ఫోటోకైతే, ఎడమ పక్కనుంచి తెచ్చేలా 1500. పడవ పొడవు 1170 చుక్కలు గనుక అంత ఎడంగా పోతే పడవ ముందరి నీళ్లు దొరుకుతాయి. పడవ ముందరి నీళ్లు అని ఊరికే అనడం లేదు. రెక్క వెనకే ఉంటుంది, ముందు నీళ్లు ఇంకా చెదరలేదు. విత్తనానికి అంతకంటే మంచి నీళ్లు దొరకవు. Y సున్నా కావడంతో చెయ్యి ఎటు పోయినా తెచ్చేది అదే వరుస నుంచి. కాసేపయ్యాక X మార్చి 1800, 2100 అని పెడతాను, లేకపోతే ఒకే నురుగు చుక్క రెండుచోట్ల కనిపించి గుట్టు బయటపెడుతుంది.

ఇక్కడే ఒక చిక్కొస్తుంది. అల ఆకారం పక్కనుంచి తెచ్చుకోవచ్చు గానీ రంగు, వెలుగు అలా కుదరవు. కుడి పక్క నీళ్లు వెలుగు బాటకు దగ్గర, ఎడమ పక్క నీళ్లు దూరం. తెచ్చిన ముక్క ముదురుగా ఉండి అతుకు కనిపిస్తుంది. పైగా నీళ్ల వెలుగు పైనుంచి కిందికి మారుతుంటుంది. మన కాళ్ల దగ్గరి నీళ్లను ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో చూస్తే పైన పడిన వెలుగులో అవి తిరిగి పంపేది 3 శాతం కూడా ఉండదు. అందుకే అక్కడ మనకు గోదావరి సొంత రంగు, ఆ ఎర్రమట్టి రంగు కనిపిస్తుంది. పడవ దగ్గరి నీళ్లను దాదాపు జారుడుగా చూస్తాం. నీళ్లు నిశ్చలంగా ఉంటే అక్కడ 60 శాతం దాటి తిరిగొస్తుంది, కాబట్టి ఆకాశమే కనిపిస్తుంది. ఒక్క పడవ పొడవునా ఈ మార్పు సాగుతూ ఉంటుంది.

కాబట్టి రంగునూ అలనూ విడదీయాలి. ఫోటోను రెండు లేయర్లుగా చేస్తాను. కింది లేయర్‌ను Gaussian Blur తో మసక చేస్తే అలలు పోయి వెలుగునీడలు మాత్రం మిగులుతాయి. పై లేయర్‌లో Image మెనూలోని Apply Image తో ఆ మసక లేయర్‌ను తీసివేస్తే బూడిద రంగు మీద ఉత్త అలలు మిగులుతాయి. మామూలు 8 బిట్ ఫైలుకు Subtract, Scale దగ్గర 2, Offset దగ్గర 128 పెట్టి, ఆ లేయర్‌ను Linear Light లో ఉంచితే రెండూ కలిసి మళ్లీ అసలు ఫోటో అవుతుంది. డబ్బు పెట్టకుండా దొరికే గింప్‌లోనూ ఇది చెయ్యొచ్చు. మసక లేయర్‌ను అసలు ఫోటో పైన Grain extract లో పెట్టి, వచ్చినదాన్ని కొత్త లేయర్‌గా తీసుకోవాలి. మసక లేయర్‌ను మామూలు మోడ్‌కు తెచ్చి, దాని పైన ఆ కొత్త లేయర్‌ను Grain merge లో ఉంచాలి.

మసక ఎంత అన్నది ఫోటోను బట్టి ఉంటుంది. విడివిడి అలలు మాయమవ్వాలి, వెలుగు బాట మాత్రం మిగలాలి. పడవ దగ్గర నాకు 25 చుక్కలు సరిపోయింది. రెక్క దిగివచ్చిన కింది భాగంలో అలలు పెద్దవి గనుక అదే 25 పెడితే అలలు రంగు లేయర్‌లోకి పాకుతాయి. అందుకని ఆ భాగానికి వేరే ఫైల్లో 70తో ఇంకోసారి చేశాను. ఒకే కొలతతో ఫోటో అంతా చేసేద్దామని కూర్చుంటే నీళ్ల దగ్గర కుదరదు.

తర్వాత పని రెండు చేతుల పని. రంగు లేయర్‌లో పడవ తాలూకు ముదురు ముద్దను ఎంచుకుని, దాని నాలుగు పక్కల రంగులతో మెత్తటి బ్రష్‌తో నింపాను. తల, భుజాలున్న చోట ఎడమ పక్క ఆర్చి నీడ ఎంత ముదురుగా ఉందో చూసి అంతే వేశాను. గోధుమ పట్టీనీ రెక్క తాలూకు తెల్లటి వెన్నునూ ఇక్కడే మాపాను. ఈ లేయర్‌లో ఏ గీతలూ ఉండవు గనుక తప్పు చేసినా సర్దుకోవచ్చు. అలల లేయర్‌లో మాత్రం మెత్తటి బ్రష్ పనికిరాదు. మెత్తటి అంచు దగ్గర రెండు వేర్వేరు అలలు సగం సగం కలుస్తాయి. కలిస్తే మూడో అల పుట్టదు, రెండూ చచ్చి మసక పుడుతుంది. నా మొదటి ఫోటోలో పడవ చుట్టూ ఒక నూనె వలయంలా కనిపించింది ఇదే. బ్రష్ అంచు గట్టిగా ఉంచి, పూర్తి బలంతో, అల వంపు వెంబడి తెంపుకుంటూ పోవాలి. అతుకు రెండు అలల మధ్య లోయలో పడితే కంటికి దొరకదు, అల వెన్ను మీద పడితే దొరుకుతుంది.

పక్కనుంచే తెచ్చుకోవాలన్న సూత్రానికి ఒక మినహాయింపు ఉంది, అదే వెలుగు బాట. సూర్యుడి మెరుపు ఎప్పుడూ చూసేవాడి వైపు నిలువు పట్టీగా వస్తుంది. మా పడవ వెనక కొస ఆ బాటలోకి చొచ్చుకొచ్చింది. ఎడమ పక్క అలల్లో ఆ మెరుపుల్లేవు, వాటిని తెచ్చి వేస్తే బాటకు కాటు పడినట్టుంటుంది. ఇక్కడ తప్పదు గనుక బాటలోంచే తెచ్చుకోవాలి, కాకపోతే లెక్క ప్రకారం. దిగంతం నుంచి పదో వంతు ఎక్కువ దూరంలో, అంటే 440కి బదులు 484వ వరుస దగ్గర, ముక్క తీసుకుంటే Clone Source లో వెడల్పు 91 శాతం, ఎత్తు 83 శాతం పెట్టాలి. ఇంకా కిందికి పోవద్దు. సన్నటి అడ్డ పట్టీలుగా నాలుగైదు సార్లు వేస్తే బాట తిరిగి కలుస్తుంది. ఈ ఒక్క చోటికే నాకు గంటన్నర పట్టింది. పడవ మొత్తానికి పట్టింది రెండు గంటలు.

అయిందనిపించాక మొదట ఫోటోను తలకిందులు చేసి చూస్తాను. అలా చేస్తే బుర్ర నదిని మరిచిపోయి మచ్చలనే చూస్తుంది. తర్వాత పావు సైజుకు తగ్గించి చూస్తాను. పెద్దది చేసి చూస్తే అతుకులు దొరుకుతాయి, చిన్నది చేసి చూస్తే రెక్కలు, నున్నటి చాపలు దొరుకుతాయి. నేను మొదటిసారి పెద్దది చేసి మాత్రమే చూశాను. ఆ పెద్దాయన హోటలు అవతలి మూల నుంచి చూశాడు, తేడా అంతే. చివరికి మొదట్లో దాచిన కర్వ్స్ లేయర్ కన్ను తెరుస్తాను. నీలం పెంకు ఒక్కటి కనిపించినా పని అవ్వలేదన్నట్టే.

ఇలా తీసెయ్యడం తప్పు కాదా అని అడిగేవాళ్లుంటారు. హోటలు గోడకైతే కాదు. జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్స్కీ 1999లో రైన్ నది ఫోటోలో అవతలి గట్టు మీది కట్టడాలనూ దారి మీది మనుషులనూ తీసేసి, ఆ సంగతి దాచకుండా చెప్పాడు. ఆ ఫోటో 2011లో న్యూయార్క్ వేలంలో 43 లక్షల డాలర్లకు పోయింది. పత్రికకు పంపే వార్తాఫోటోలో మాత్రం పడవను తీస్తే అది అబద్ధమే. వరల్డ్ ప్రెస్ ఫోటో లాంటి పోటీలు అలాంటిదాన్ని తోసిపుచ్చుతాయి. నా మటుకు నేను, పడవ బోల్తాలు, వరదలు, ఇసుక రేవుల ఫోటోలు ఎవరు తెచ్చినా ముట్టుకోను.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. పడవ పక్కన అదే వరుసలో నీళ్లే లేకపోతే, అంటే ఫ్రేము నిండా పడవలే ఉంటే, విత్తనం ఎక్కడా దొరకదు. గాలివానలో లేచిన పెద్ద అలల్లో కూడా ఏ రెండు అలలూ పోలవు గనుక చేత్తో చెయ్యడం దాదాపు వృథా. అలాంటివి తెస్తే వద్దని చెప్పేస్తాను.

వీటన్నిటికంటే తేలికైన దారి ఒకటుంది. అది మెట్ల మీద నిలబడ్డప్పుడే దొరుకుతుంది, కంప్యూటరు ముందు కాదు. పడవ ఫోటో తీసిన చోటే కెమెరాను కదపకుండా ఉంచి, పడవ దాటిపోయి రెక్కలు గట్టుకు తగిలి సద్దుమణిగేదాకా నాలుగైదు నిమిషాలు ఆగి, ఉత్త నీళ్ల ఫోటో ఒకటి తియ్యండి. అవే వరుసలు, అదే వెలుగు, అదే వంతెన నీడ. పడవ ఉన్న చోట అందులోంచి కోసి పెడితే సరిపోతుంది. ఆ నాలుగు నిమిషాలు హోటలాయన ఆగి ఉంటే నాకు మూడున్నర గంటల పని తప్పేది. ఈసారి గోదావరికి వెళ్తే పడవ ఫోటోతో పాటు ఖాళీ గోదావరి ఫోటో కూడా ఒకటి తీసి ఉంచుకోండి.